నోటు వెనుక ఒక్క చెల్లు

ప్రామిసరీ నోటు చేతిలో ఉంటే డబ్బుకు ఢోకా లేదని చాలామంది నమ్మకం. రెవెన్యూ స్టాంపు మీద సంతకం ఉంది, ఇద్దరు సాక్షులున్నారు, ఎప్పుడడిగినా ఇస్తానని రాసిచ్చాడు కదా అనుకుంటారు. ఆ నోటు ఏళ్ల తరబడి బీరువాలో భద్రంగానే ఉంటుంది. తీసుకెళ్లి వకీలు ముందు పెడితే ఆయన మొత్తం చూడడు, వడ్డీ చూడడు. ముందు తేదీ చూస్తాడు. తర్వాత నోటును తిరగేసి, వెనుక ఏమైనా చెల్లు ఉందా అని చూస్తాడు.

ఆ రెండు చూపుల వెనుక ఉన్నది 1963 నాటి కాలపరిమితి చట్టం. 1964 జనవరి 1 నుంచి అమలులో ఉంది. ఏ దావా ఎన్నేళ్లలో వేయాలి, ఆ ఏళ్లను ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి అన్నది దాని పట్టికలో ఒక్కో రకం దావాకు ఒక్కో వరుసగా రాసి ఉంటుంది. అప్పు దావాలకు సాధారణంగా మూడేళ్లు. ఈ మూడేళ్ల సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. మూడేళ్లు ఎప్పటి నుంచి అన్న దగ్గరే జనం దెబ్బతింటారు.

దీన్ని ఒక తగాదా మీద పెట్టి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఇది ఏ ఒక్కరి కేసూ కాదు. సివిల్ కోర్టుల్లో తరచూ నడిచే నోటు దావాల పోలికతో, తేదీలు వేసి కూర్చిన ఉదాహరణ.

తెలంగాణలో ఒక చిన్న పట్టణం. రిటైరైన మాస్టారు ఒకరు 2012 జూన్ 18న, తనకు తెలిసిన బట్టల దుకాణదారుకు మూడు లక్షలు నూటికి రూపాయి వడ్డీకి ఇచ్చారు. నోటులో అందరూ రాసే మాటే ఉంది: తమరు గాని, తమ ఆర్డరు పొందినవారు గాని కోరినప్పుడు అసలు వడ్డీతో చెల్లించగలవాడను. అయితే నోటి మాటగా దుకాణదారు ఇంకొకటి చెప్పాడు. "అమ్మాయి పెళ్లి కానివ్వండి మాస్టారూ, ఆ తర్వాత మీ డబ్బు మీ ఇంటికి తెచ్చి ఇస్తాను." పెళ్లి 2014లో జరిగింది. మాస్టారు మొదటిసారి డబ్బు అడిగింది ఆ తర్వాతే. కాబట్టి తనకు 2017 దాకా గడువుందని ఆయన లెక్క.

ఆ లెక్క తప్పు. కోరినప్పుడు చెల్లించాల్సిన నోటుకు మూడేళ్లు నోటు తేదీ నుంచే మొదలవుతాయని పట్టికలోని 35వ అధికరణం చెబుతుంది. అడిగిన రోజు నుంచి కాదు, ఎదుటివాడు కాదన్న రోజు నుంచీ కాదు. కారణం ఆ మాటలోనే ఉంది. కోరినప్పుడు ఇస్తానంటే రాసిచ్చిన మరుక్షణం నుంచే అడిగే హక్కు ఉన్నట్టు. అడిగే హక్కు ఉన్న రోజే దావా వేసే హక్కూ పుట్టింది. పెళ్లయ్యాక ఇస్తానన్న నోటి మాట దీన్ని మార్చలేదు. ఫలానా తేదీ దాకా దావా వేయనని నోటుతో పాటు వేరే కాగితం రాసుకుని ఉంటేనో, నోటులోనే రెండేళ్ల తర్వాత చెల్లిస్తానని వాయిదా రాసి ఉంటేనో సంగతి వేరు. వాయిదా నోటుకు గడువు ఆ వాయిదా తేదీ నుంచి నడుస్తుంది.

ఇలాంటి తేడాలు పట్టికలో ఇంకా ఉన్నాయి. నోటు లేకుండా చేబదులు ఇస్తే ఇచ్చిన రోజు నుంచి. అదే చేబదులును చెక్కుగా ఇస్తే చెక్కు రాసిన రోజు కాదు, బ్యాంకులో ఆ చెక్కు చెల్లిన రోజు నుంచి. అరువుకు సరుకు ఇచ్చి ఎప్పుడు చెల్లించాలో మాట్లాడుకోకపోతే సరుకు అందించిన రోజు నుంచి. తొంభై రోజుల అరువు అని ఒప్పుకుని ఉంటే ఆ తొంభై రోజులు నిండాక. డబ్బు అదే కావచ్చు, మనిషి అదే కావచ్చు. కాగితం మీద మాట మారితే మొదలయ్యే రోజు మారుతుంది.

మాస్టారి నోటుకు లెక్క ఇలా వేయాలి. నోటు రాసిన రోజును విడిచిపెట్టి మూడేళ్లు లెక్కిస్తే ఆఖరి రోజు 2015 జూన్ 18. ఆ రోజు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది. అప్పు మాఫీ అయిపోయిందని కాదు దీని అర్థం. బాకీ బాకీగానే ఉంటుంది. కోర్టు ద్వారా వసూలు చేసుకునే దారి మాత్రం మూసుకుపోతుంది. దుకాణదారు ఆ తర్వాత తనంతట తాను చెల్లిస్తే మాస్టారు పుచ్చుకోవచ్చు, కాలదోషం పట్టిందని దాన్ని వెనక్కి ఇమ్మని అడగడానికి లేదు.

ఆ రోజు రాకముందే, 2015 జూన్ 2న, మాస్టారి అదృష్టం కొద్దీ ఒకటి జరిగింది. దుకాణదారు ఇంటికొచ్చి అయిదు వేలు ఇచ్చాడు. నోటు వెనుక తన చేతి రాతతోనే, ఈ నోటు వడ్డీలో చెల్లు రూ. 5,000 అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాడు.

దీన్నే మన వాళ్లు చెల్లు వేయించుకోవడం అంటారు. చట్టంలో ఇది సెక్షన్ 19 కిందికి వస్తుంది. గడువు తీరకముందే అసలులో గాని వడ్డీలో గాని కొంత చెల్లించాలి. ఆ చెల్లింపు ఇచ్చినవాడి రాతలో గాని, అతని సంతకం ఉన్న కాగితం మీద గాని కనిపించాలి. రెండూ ఉంటే చెల్లించిన రోజు నుంచి మూడేళ్లు కొత్తగా మొదలవుతాయి. ఎంత చెల్లించాడన్నది లెక్క కాదు. మూడు లక్షల మీద అయిదు వందలు ఇచ్చినా చాలు. కానీ చెల్లును మాస్టారే తన చేత్తో రాసుకుని, దుకాణదారు సంతకం తీసుకోకపోతే అది మాస్టారి డైరీలో రాసుకున్న పద్దుతో సమానం. గడువుకు పనికిరాదు.

డబ్బు చేతులు మారకపోయినా గడువు కొత్తగా మొదలయ్యే దారి ఇంకొకటి ఉంది. అది సెక్షన్ 18, బాకీ ఉన్నట్టు ఒప్పుకోలు. బాకీదారు తనకు ఆ బాధ్యత ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం చేస్తే, సంతకం చేసిన రోజు నుంచి కొత్త గడువు. ఇందులో చాలామందికి తెలియని వెసులుబాటు ఉంది. మొత్తం ఎంతో రాయకపోయినా ఫర్వాలేదు. ఇంకా గడువుంది కదా అన్నా, ఇవ్వనని మొండికేసినా, నాకూ నీ నుంచి రావలసింది ఉందన్నా, ఉత్తరం అప్పిచ్చినవాడికి కాక ఇంకెవరికో రాసినా అది ఒప్పుకోలే. బాకీ అన్న బంధం ఇద్దరి మధ్యా ఇంకా నిలిచి ఉందని ఆ మాటల్లో తెలియాలి, అంతే.

మాస్టారి కేసులో అలాంటి ఉత్తరమూ ఉంది. 2017 జనవరి 20న దుకాణదారు మాస్టారి అల్లుడికి రాశాడు. మీ మామగారి నోటు బాకీ ఉన్న మాట నిజమే, కానీ పాత చిట్టీ డబ్బు లెక్క తేలేదాకా నేను ఒక్క పైసా ఇవ్వను అని దాని సారాంశం. కింద సంతకం ఉంది. కోపంతో రాసిన ఆ ఉత్తరంలో ఒప్పుకోలుకు కావలసినవన్నీ ఉన్నాయి.

మరి ఏవి పనికిరావు? ఫోన్‌లో ఇచ్చిన హామీ పనికిరాదు. పెద్దమనుషుల ముందు తల ఊపడం పనికిరాదు. అన్నిటికన్నా ఎక్కువమంది పొరబడేది లాయరు నోటీసు దగ్గర. నోటీసు పంపితే గడువు ఆగుతుందనో, నోటీసు అందిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లనో అనుకుంటారు. అప్పిచ్చినవాడు పంపిన నోటీసు అతని మాట మాత్రమే. గడువు కొత్తగా మొదలవ్వాలంటే బాకీదారు మాట కావాలి. ఆ నోటీసుకు బాకీదారు సంతకంతో ఇచ్చిన జవాబులో బాకీ ఒప్పుకుంటే, అప్పుడా జవాబు విలువైన కాగితం అవుతుంది.

చెల్లుకైనా ఒప్పుకోలుకైనా ఒక షరతు గట్టిది. పాత గడువు బతికి ఉండగానే రావాలి. చచ్చిన గడువును ఒప్పుకోలు లేపలేదు. అయితే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25లో వేరే దారి ఉంది. కాలదోషం పట్టిన బాకీని సైతం చెల్లిస్తానని బాకీదారు కొత్తగా రాసి సంతకం చేస్తే ఆ వాగ్దానం చెల్లుతుంది. బాకీ ఉంది అన్న మాటకూ, బాకీ తీరుస్తాను అన్న మాటకూ తేడా అక్కడే తేలుతుంది. గడువు లోపల మొదటి మాట చాలు. గడువు దాటాక రెండోది కావాలి.

చెల్లు వేసిన 2015 జూన్ 2 నుంచి లెక్కిస్తే మూడేళ్లకు ఆఖరి రోజు 2018 జూన్ 2. అల్లుడి దగ్గర ఉత్తరం ఉందన్న సంగతి అప్పటికి మాస్టారికి తెలియదు. ఆయన దృష్టిలో అదే చివరి రోజు. ఆ రోజు శనివారం, పైగా తెలంగాణ ఆవిర్భావ దినోత్సవం, సెలవు. మర్నాడు ఆదివారం. మాస్టారు 4వ తేదీ సోమవారం దావా వేశారు. అది గడువులోనే వేసినట్టు. ఆఖరి రోజు కోర్టు మూసి ఉంటే, తెరిచిన రోజున దాఖలు చేయవచ్చని సెక్షన్ 4 చెబుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ వెసులుబాటు దాఖలు చేయడానికే. గడువు మాత్రం 2వ తేదీతోనే తీరిపోయింది. 3వ తేదీన దుకాణదారు చేత ఇంకో చెల్లు వేయించుకుని ఉంటే అది ఆలస్యమైనట్టే.

దావాలో దుకాణదారు ఒకే జవాబు ఇచ్చాడు. నోటు తనదే, వెనుక చెల్లు తనది కాదు, ఆ రాత తనది కాదు, సంతకం కల్పించారు.

అంతటితో కేసు మొత్తం ఆ ఒక్క వాక్యం మీదికి వచ్చి పడింది. చెల్లు నిజమైతే గడువు 2018 జూన్ 2 దాకా ఉంది, దావా నిలుస్తుంది. తర్వాత అల్లుడు తెచ్చిచ్చిన 2017 ఉత్తరం గడువును 2020 జనవరి 20 దాకా జరుపుతుంది. చెల్లు అబద్ధమైతే నోటు 2015 జూన్ 18నే ముగిసింది. అప్పుడు 2017 ఉత్తరం ముగిసిపోయిన గడువు మీద వచ్చిన ఒప్పుకోలు, పనికిరాదు. పోనీ కొత్త వాగ్దానంగా తీసుకుందామంటే, అందులో పైసా ఇవ్వనని రాసి ఉంది. గొలుసులో మొదటి కొక్కెం ఊడితే తర్వాతివేవీ నిలవవు.

నోటు మీద సంతకం ఒప్పుకుంటే, ప్రతిఫలం ముట్టిందని చట్టం ముందుగా మాస్టారి పక్షాన ఊహిస్తుంది. చెల్లు విషయంలో ఆ ఊహ లేదు. దాన్ని రుజువు చేయాల్సిన భారం మాస్టారిదే. చెల్లు వేసినప్పుడు ఎవరున్నారు? ఏ కలంతో రాశారు? గడువుకు సరిగ్గా పదహారు రోజుల ముందు ఎందుకు వేశారు? ఇవన్నీ అవతలి వకీలు అడుగుతాడు. నోటును ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపమని కోరవచ్చు. పోల్చడానికి ఏ సంతకాలు ఇచ్చారన్నది అప్పుడు ముఖ్యం. దావా వచ్చాక వకాలత్తు మీద పెట్టిన సంతకాలను జాగ్రత్తగా మార్చి పెట్టే వీలుంది. 2015 ప్రాంతంలో బ్యాంకు కాగితాల మీద, తగాదా ఊసే లేని రోజుల్లో పెట్టిన సంతకాలు దొరికితే వాటికి బలం ఎక్కువ. మాస్టారి కేసులో అవి దొరికాయి, పోలాయి. 2023 మార్చి 10న మాస్టారి పక్షాన డిక్రీ వచ్చింది.

దుకాణదారు రాతలో కాలదోషం మాట ఎత్తకపోయినా కోర్టు ఊరుకునేది కాదు. గడువు దాటిన దావాను, ప్రతివాది అడగకపోయినా కొట్టేయాలని సెక్షన్ 3 కోర్టుకే బాధ్యత పెట్టింది. అందుకే దావా పత్రంలో వ్యాజ్యకారణం ఎప్పుడు పుట్టింది, గడువులో ఎలా ఉంది అన్న పేరా తప్పకుండా రాస్తారు.

ఇప్పుడు ఆలస్యం దుకాణదారు వంతు. జిల్లా కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు. తీర్పు రోజును వదిలి లెక్కిస్తే ఏప్రిల్ 9. అయితే తీర్పు నకలు కోసం ఆగిన రోజులను మినహాయిస్తారు. ఆయన మార్చి 13న నకలుకు దరఖాస్తు పెట్టాడు, 27న అది సిద్ధమైంది. ఆ 15 రోజులు కలిపితే ఆఖరి రోజు ఏప్రిల్ 24. ఆయన అప్పీలు వేసింది ఆగస్టు 14న. ఆలస్యం 112 రోజులు. అప్పీలుతో పాటు, ఆలస్యాన్ని మన్నించమని సెక్షన్ 5 కింద ఒక అర్జీ, దానికి అఫిడవిట్ పెట్టాడు. కామెర్లు వచ్చి మంచం పట్టానని కారణం.

చట్టం అడిగేది తగిన కారణం. అది ఏమిటో నిర్వచించలేదు, జడ్జి విచక్షణకు వదిలింది. ఆ విచక్షణ ఎలా ఉండాలో సుప్రీంకోర్టు తీర్పులు చెబుతూ వచ్చాయి. 1987లో జమ్మూకశ్మీర్ ప్రభుత్వం వేసిన భూసేకరణ అప్పీలు నాలుగు రోజులు ఆలస్యమైందని హైకోర్టు తోసిపుచ్చితే, సుప్రీంకోర్టు ఆ ఆలస్యాన్ని మన్నించింది. ప్రతి రోజుకూ లెక్క చెప్పమనడాన్ని పిడివాదంగా చేయకూడదంది. 1998లో తమిళనాడు కేసు ఒకదానిలో 883 రోజుల ఆలస్యాన్నీ మన్నించింది. ఎన్ని రోజులన్నది కాదు, చెప్పిన కారణం నమ్మేలా ఉందా అన్నదే ముఖ్యమంది. 2012లో పోస్టల్ శాఖ 427 రోజుల ఆలస్యంతో వస్తే ఒప్పుకోలేదు. ఫైళ్లు బల్లలు మారడం ఇక కారణం కాదంది. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుగంగ కోసం 1989లో మొదలైన భూసేకరణ కేసు మరీ పెద్దది. పరిహారం పెంచాలన్న వినతిని కింది కోర్టు 1999లో కొట్టేస్తే, ఒక హక్కుదారు వారసులు 5,659 రోజుల ఆలస్యంతో హైకోర్టుకు వెళ్లారు. అంటే పదిహేనేళ్ల పైన. హైకోర్టు కాదంది, 2024లో సుప్రీంకోర్టూ కాదంది. అసలు కేసులో బలం ఉందన్న సానుభూతితో ఆలస్యాన్ని మన్నించడం కుదరదని చెప్పింది.

కింది కోర్టులో ఈ సూత్రాలు చిన్న చిన్న ప్రశ్నలుగా మారతాయి. జబ్బు ఎప్పుడు మొదలైంది? ఏప్రిల్ 24 తర్వాత వచ్చిన జబ్బు, ఆ రోజు లోపల ఎందుకు వేయలేదన్న దానికి జవాబు కాదు. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం ఉందా, లేక ఆగస్టులో ఎవరో రాసిచ్చిన సర్టిఫికెట్ ఒక్కటేనా? అవే నెలల్లో దుకాణం బిల్లుల మీద ఆయన సంతకాలు కనిపిస్తున్నాయా? కోలుకున్నాక అప్పీలు వేయడానికి ఎన్నాళ్లు తీసుకున్నాడు? ఈ కేసులో కాగితాలు ఏప్రిల్ 18న ఆసుపత్రిలో చేరినట్టు, జూన్ చివరి దాకా విశ్రాంతి చెప్పినట్టు ఉన్నాయి. మిగిలిన ఆరున్నర వారాలకు ఆయన చెప్పింది కోర్టు ఫీజుకు డబ్బు సమకూరలేదని. అది బలహీనమైన కారణమే. అలాంటప్పుడు జడ్జీలు తరచూ మధ్య దారి పడతారు. ఆలస్యాన్ని మన్నిస్తూ, ఎదుటి పక్షానికి ఖర్చుల కింద కొంత సొమ్ము చెల్లించాలని షరతు పెడతారు. ఇక్కడా అలాగే జరిగిందనుకుందాం.

మాస్టారికి ఈ ఉత్తర్వు మింగుడు పడదు. ఎదుటివాడికి 112 రోజులు మన్నించారు. తానే 2018లో జూన్ 4 బదులు 5న దావా వేసి, ఉత్తరం కూడా దొరకకపోయి ఉంటే? ఆ ఒక్క రోజుకు మన్నింపు లేదు. సెక్షన్ 5 వర్తించేది అప్పీళ్లకు, అర్జీలకు. దావాకు వర్తించదు. అర్జీల్లోనూ డిక్రీ అమలుకు సంబంధించినవాటికి వర్తించదు. మాస్టారు ఆ వారం ఐసీయూలో ఉన్నా ఫలితం అంతే. ఒకసారి నడక మొదలుపెట్టిన కాలం, తర్వాత వచ్చిన అశక్తత ఏదైనా సరే ఆగదని సెక్షన్ 9 తేల్చి చెబుతుంది. చట్టం ఇలా గీత గీయడానికి కారణం లేకపోలేదు. దావా వేయడానికి మూడేళ్లు ఇచ్చింది, అప్పీలుకు నెల రోజులే ఇచ్చింది. నెలలో ఒక జబ్బు మొత్తం గడువును తినేయగలదు. మూడేళ్లలో ఆ సాకు చెల్లదు.

దేశంలో అందరికీ ఒకేసారి కాలం ఆగింది కోవిడ్ రోజుల్లో. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని గడువు లెక్కల నుంచి తీసేయాలని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఆ 716 రోజుల వల్ల, 2019 డిసెంబరు మొదట్లో రాసిన నోటుకు గడువు 2022 డిసెంబరులో తీరక 2024 నవంబరు దాకా సాగింది. మాస్టారి దావా అంతకుముందే కోర్టులో ఉంది కాబట్టి ఆయన దావాకు దానితో పని పడలేదు.

ఖర్చుల సొమ్ము కట్టాక దుకాణదారు అప్పీలుకు నెంబరు పడుతుంది. కింది కోర్టు రికార్డు జిల్లా కోర్టుకు వస్తుంది. కవరులోంచి నోటు బయటికి తీసి మళ్లీ తిరగేస్తారు. పదకొండేళ్ల కిందటి అప్పులో తేలవలసిన ప్రశ్న అక్కడా అదే: 2015 జూన్ 2న ఆ ఒక్క వరుస కింద సంతకం పెట్టిన చేయి ఎవరిది?